మొక్కల లెక్క – 4వ పాఠం: చట్రం ఎంతది, ఎన్నిచోట్ల వేయాలి?

పోయిన పాఠంలో బీడులో నేల మీద చదరపు చట్రం పరిచి, లోపల పడ్డ వయ్యారిభామ మొక్కలు లెక్కపెట్టమంటే చిక్కు వచ్చింది. ఒకే బీడులో 25 సెంటీమీటర్ల చట్రం వేసినవాళ్లకు చదరపు మీటరుకు తేలిన సంఖ్య, మీటరు చట్రం వేసినవాళ్లకు తేలినదానికి రెట్టింపు దాటింది. కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

లేత వయ్యారిభామ ఆకులు నేలకు అతుక్కుని చుట్టూ పరుచుకుంటాయి. ఆ పరుపు 20 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఆకు కొస చట్రంలోకి వచ్చిన ప్రతి మొక్కనూ లెక్కేస్తే, చట్రం చుట్టూ 10 సెంటీమీటర్ల పట్టీ కూడా మీ లెక్కలో కలిసిపోతుంది. అప్పుడు చిన్న చట్రం 625 చదరపు సెంటీమీటర్లు కాస్తా దాదాపు 1,940 అవుతుంది, అంటే మూడు రెట్లు. మీటరు చట్రంలోనూ ఇదే తప్పు జరిగింది గానీ, అక్కడ 10,000 కాస్తా 14,300 మాత్రమే అయింది. చట్రం చిన్నదయ్యేకొద్దీ లోపలి జాగాతో పోలిస్తే అంచు ఎక్కువ, అంచు దగ్గరే తప్పులు ఎక్కువ.

అందుకే ఆకులు చేత్తో పక్కకు తీసి చూడండి (తొడుగులు వేసుకోండి, ఈ మొక్క తగిలితే చాలామందికి దురద). కాండం మొదలు లోపల ఉంటేనే లెక్క. సరిగ్గా గీత మీద ఉంటే ఎడమ, కింది అంచులవి లెక్కలోకి, కుడి, పై అంచులవి బయటికి. చట్రం కొలత అంటే లోపలి కొలత. పైపు మందం అందులో కలపకండి.

ఇక సైజు. సగానికి పైగా చట్రాల్లో సున్నా వస్తుంటే అది చిన్నది. ఒక చట్రంలో ముప్పై నలభై దాటి, ఎక్కడిదాకా లెక్కపెట్టామో మరిచిపోతుంటే పెద్దది. గుంపులు గుంపులుగా పెరిగే మొక్కలకు నేను చదరం కన్నా 0.5 × 2 మీటర్ల పొడవు చట్రమే వాడతాను. గట్టు నుంచి పొలం లోపలికి మొక్కలు పలచబడుతుంటే, పొడవు వైపును గట్టుకు అడ్డంగా, లోపలికి పోయేలా వేస్తే ఒక్కో చట్రంలో ఒత్తు, పలచన రెండూ పడతాయి. చట్రాల మధ్య తేడా తగ్గుతుంది.

ఎన్ని వేయాలన్నది ముందే చెప్పలేం. మొదట పదిచోట్ల వేసి చూడాలి. 80 × 50 మీటర్ల బీడులో మీటరు చట్రంతో వచ్చిన అంకెలు ఇవి అనుకుందాం: 0, 3, 0, 7, 2, 0, 12, 1, 4, 1. సగటు 3, ప్రామాణిక విచలనం 3.86. ఇప్పుడు:

```
n = (2 × s / (d × m))²
```

ఇందులో s విచలనం, m సగటు, d మీరు ఓర్చుకోగల తేడా, 20 శాతమైతే 0.2. 20 శాతం తేడాలోపు కావాలంటే n = (7.72 / 0.6)², అంటే 166 చట్రాలు. 30 శాతం చాలనుకుంటే 74. ఇదే మొక్కలు గుంపులు కట్టకుండా యాదృచ్ఛికంగా చెదిరి ఉంటే, 20 శాతానికి 34 చాలేవి. మిగతా 132 చట్రాల చాకిరీ గుంపుల వల్ల వచ్చిందే.

ఇక్కడ ఒక పాత మాట నాకు చిరాకు తెప్పిస్తుంది: “పొలంలో పదోవంతు లెక్కపెడితే చాలు.” ఈ బీడు 4,000 చదరపు మీటర్లు, పదోవంతు అంటే 400 చట్రాలు. అవసరానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పది రెట్ల పెద్ద బీడైతే 4,000 చట్రాలు వేయమంటుంది ఆ లెక్క. మొక్కల తీరు అలాగే ఉంటే అక్కడా 166 చాలు. ఒక కుంట నేలలో, అంటే దాదాపు 100 చదరపు మీటర్లలో, పదోవంతు చూడాలంటే పది చట్రాలే, అవి ఏ మూలకూ సరిపోవు. పై సూత్రంలో పొలం విస్తీర్ణం ఎక్కడుందో వెతకండి, కనబడదు. లెక్కను నడిపేది మొక్కల ఎగుడుదిగుడు. పొలంలో పెద్ద భాగమే చట్రాల కిందికి వచ్చేస్తే తప్ప విస్తీర్ణంతో పనిలేదు, అప్పుడు కూడా కావలసిన చట్రాలు కాస్త తగ్గుతాయి, అంతే.

166 చూసి బెదిరితే ఒక దగ్గరిదారి ఉంది. 7, 12 వచ్చిన చట్రాలు రెండూ గట్టు పక్కవే అయితే, గట్టు పట్టీని, నడిమి పొలాన్ని వేరుచేసి విడివిడిగా సగటు తీయండి. తర్వాత ఒక్కో సగటును దాని విస్తీర్ణంతో గుణించి కలపండి. గుంపులన్నీ ఒకవైపే ఉన్నప్పుడు చట్రాల సంఖ్య బాగా పడిపోతుంది. చట్రాన్ని భుజం మీదుగా వెనక్కి విసరడం మాత్రం వద్దు. అది మీరు నిలబడ్డ చోటు చుట్టుపక్కలే పడుతుంది. ఫోనులో 0–79, 0–49 మధ్య రెండు యాదృచ్ఛిక సంఖ్యలు తీసి, టేపుతో కొలుచుకుని అక్కడ వేయండి.

అభ్యాసం: ఇరవై చోట్ల ఒకే మూల నుంచి 25 సెంటీమీటర్లు, 50 సెంటీమీటర్లు, మీటరు చట్రాలు ఒకదానిలో ఒకటి వేయండి. ఒక్కో సైజుకు అంకెలతో పాటు పట్టిన నిమిషాలూ రాయండి. 30 శాతానికి మూడు n విలువలు కట్టి, ఒక్కోదాన్ని చట్రానికి పట్టే సగటు సమయంతో గుణించండి. నడిచే సమయాన్నీ అందులో కలపండి, లేకపోతే చిన్న చట్రమే గెలిచినట్టు కనబడుతుంది. మొత్తం నిమిషాలు దేనికి తక్కువైతే ఆ బీడుకు అదే మీ చట్రం.