వరుస చేరింది, మొత్తం కదల్లేదు: బడ్జెట్ షీట్‌లో సమస్య - పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉగాది సభ బడ్జెట్ అంటే ఒకరి చేతిలో ఉండే పని కాదు. షామియానా ఖర్చు ఒకరు రాస్తారు, వంటల లెక్క ఇంకొకరు రాస్తారు. ఆఖరి వారంలో పాతపట్నం నుంచి జనరేటర్ తెప్పించాలని నిర్ణయం జరిగితే ఆ ఖర్చును మూడో మనిషి ఫోన్‌లోనే చేర్చేస్తారు. ఫార్ములాలు రాసింది ఒకరు, వరుసలు చేర్చేది మరొకరు. అందుకే చేర్చేవాళ్లకు ఏమీ తెలియకపోయినా లెక్క చెడకుండా షీట్ కట్టాలి. కింద చెప్పినవి ఎక్సెల్‌లోనూ, గూగుల్ షీట్స్‌లోనూ పనిచేస్తాయి.

ఉదాహరణకు ఒక చిన్న షీట్ తీసుకుందాం. A కాలమ్‌లో ఖర్చు పేరు, B లో రూపాయలు, C లో శాతం. పందిరి విభాగంలో షామియానా 18000, కుర్చీలు 6000, మైక్, లైట్లు 12000, కలిపి 36000. భోజనాల విభాగంలో బియ్యం, పప్పులు 22000, కూరగాయలు 9000, వంటవాళ్ల కూలి 13000, కలిపి 44000. అన్నీ కలిపి 80000. పందిరి వాటా 45 శాతం, భోజనాల వాటా 55 శాతం. ఇప్పుడు పందిరి కింద జనరేటర్ 8000 చేరాలి.

లక్షణం: కొత్త ఖర్చు కనిపిస్తోంది, ఉపమొత్తం మాత్రం పాతదే

జనరేటర్ వరుస ఉపమొత్తానికి సరిగ్గా పైనే ఉంది. అయినా ఉపమొత్తం 36000 దగ్గరే ఆగిపోయింది, అసలు మొత్తం 80000 అనే చూపిస్తోంది. ఎర్రర్ ఏదీ రాలేదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే ఎర్రర్ వస్తే ఎవరో ఒకరు చూస్తారు.

కారణం తెలుసుకోవాలంటే ఉపమొత్తం గడి మీద క్లిక్ చేసి ఫార్ములా చదవండి. ఇలా ఉంటుంది:

```
=SUM(B3:B5)
```

ఈ హద్దులకు మధ్యలో, అంటే 3కీ 5కీ నడుమ వరుస చేర్చితే హద్దు తనే పెరుగుతుంది. 5వ వరుస కింద చేర్చితే అది హద్దు బయట పడుతుంది. 3వ వరుస పైన చేర్చినా అంతే, హద్దు మొత్తం ఒక మెట్టు కిందికి జరిగి కొత్త వరుసను వదిలేస్తుంది. మనుషులు కొత్త ఖర్చును సహజంగా చివర్లోనే రాస్తారు కాబట్టి ఈ తప్పు తరచూ జరుగుతుంది. ఎక్సెల్ కొన్ని సందర్భాల్లో హద్దును తనంతట తానే పెంచుతుంది గానీ, ప్రతిసారీ పెంచుతుందన్న భరోసా లేదు. డబ్బు లెక్కను దాని మీద వదలకూడదు.

పరిష్కారం: హద్దు రెండు చివర్లనూ ఖర్చు వరుసల మీద పెట్టకండి. పై హద్దు విభాగం పేరున్న వరుస. కింది హద్దు ఖాళీగా ఉంచిన ఒక సన్నని బూడిద రంగు వరుస. ఆ వరుస A గడిలో 'కొత్త ఖర్చు దీనికి పైన చేర్చండి' అని రాయండి, B గడి ఖాళీగా వదలండి. అప్పుడు షీట్ ఇలా ఉంటుంది: 2వ వరుసలో 'పందిరి' అనే పేరు, 3 నుంచి 5 వరకు ఖర్చులు, 6 బూడిద వరుస, 7 ఉపమొత్తం. అలాగే 8లో 'భోజనాలు', 9 నుంచి 11 వరకు ఖర్చులు, 12 బూడిద వరుస, 13 ఉపమొత్తం. పందిరి ఉపమొత్తం హద్దు ఇప్పుడు B2 నుంచి B6 వరకు. మొదటి ఖర్చుకు పైన చేర్చినా, చివరి ఖర్చుకు కింద చేర్చినా కొత్త వరుస లోపలే ఉంటుంది. ఖర్చుల క్రమం మార్చాలని ఎవరైనా ఒక వరుసను కట్ చేసి వేరే చోట పెట్టినా హద్దు చెదరదు, ఎందుకంటే హద్దు గడులను ఎవరూ కదపరు.

ఉపమొత్తాన్ని ప్లస్ గుర్తులతో, అంటే B3+B4+B5 అని రాసే అలవాటుంటే మానుకోవాలి. ఒక వరుస తీసేస్తే వెంటనే #REF! వస్తుంది, వరుస చేర్చితే అది ఎన్నటికీ లెక్కలోకి రాదు.

లక్షణం: ఆఖరి మొత్తం రెండింతలు వచ్చింది

విభాగాల ఉపమొత్తాలు సరిగ్గానే ఉన్నాయి, కానీ కింద 80000 రావలసిన చోట 160000 వచ్చింది. కాలమ్ పొడవునా SUM వేశారు కనుక ఖర్చులూ, వాటి ఉపమొత్తాలూ రెండూ కలిశాయి. దీన్ని తప్పించుకోవడానికి చాలామంది B7+B13 అని రాస్తారు. అప్పటికి లెక్క సరిపోతుంది. కానీ రేపు 'సాంస్కృతిక కార్యక్రమాలు' అని మూడో విభాగం వస్తే దాని ఉపమొత్తాన్ని ఎవరైనా గుర్తుపెట్టుకుని అక్కడ కలపాలి. గుర్తు మీద ఆధారపడే ఫార్ములా ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటుంది.

పరిష్కారం SUBTOTAL. ఇది తన హద్దులో మరో SUBTOTAL గడి కనిపిస్తే దాన్ని వదిలేసి మిగతావి కూడుతుంది. 9 అనే అంకె కూడిక చేయమని చెప్పడానికి. 13వ వరుస తర్వాత ఇంకో బూడిద వరుస, అంటే 14, కొత్త విభాగాల కోసం ఉంచి, మొత్తాన్ని 15లో పెట్టండి.

```
B7:  =SUBTOTAL(9,B2:B6)
B13: =SUBTOTAL(9,B8:B12)
B15: =SUBTOTAL(9,B2:B14)
```

కొత్త విభాగం కావాలంటే 14వ వరుస పైన ఆరు ఖాళీ వరుసలు చేర్చండి. తర్వాత భోజనాల విభాగాన్ని పేరు నుంచి ఉపమొత్తం దాకా కాపీ చేసి అక్కడ పేస్ట్ చేసి, పేర్లూ అంకెలూ మార్చండి. ఉపమొత్తం ఫార్ములా తన కొత్త చోటుకు తగ్గట్టు మారుతుంది, ఆఖరి మొత్తాన్ని ముట్టుకోనవసరం లేదు.

ఒక్క జాగ్రత్త. ఉపమొత్తాల్లో ఒకటి SUM, మిగతావి SUBTOTAL అయితే ఆ ఒక్క విభాగమే రెండుసార్లు కూడబడుతుంది. మొత్తం పూర్తిగా రెండింతలు కాదు కాబట్టి కంటికి వెంటనే అనుమానం రాదు. రాస్తే అన్నీ SUBTOTAL లోనే రాయాలి.

లక్షణం: శాతాలు కలవడం లేదు, లేదా #DIV/0! వస్తోంది

మొదటి వరుసలో B3/B15 అని రాసి కిందికి లాగితే, రెండో వరుసలో అది B4/B16 అవుతుంది. 16వ వరుస ఖాళీ కాబట్టి సున్నాతో భాగించినట్టు ఎర్రర్ వస్తుంది. మొత్తం ఉన్న B15 గడికి డాలర్ గుర్తులు పెట్టి దాన్ని కట్టేయాలి.

```
C3: =B3/$B$15
```

డాలర్ పెడితే వరుసలు చేరినప్పుడు పాత గడినే పట్టుకుని ఉంటుందేమోనని కొందరికి టెన్షన్. అలా జరగదు. డాలర్ గుర్తు ఫార్ములాను కాపీ చేసేటప్పుడు మాత్రమే అడ్డుకుంటుంది. పైన వరుస చేరి మొత్తం గడి 16కు జరిగితే ఫార్ములా కూడా $B$16 అయిపోతుంది.

చేరిన కొత్త వరుసలో శాతం గడి ఖాళీగా ఉండవచ్చు. ఆ గడిలో నిలబడి కంట్రోల్, D నొక్కితే పై గడిలోని ఫార్ములా కిందికి వస్తుంది. మరిచిపోతే తెలిసేదెలా? చాలా షీట్లలో మొత్తం పక్కన శాతం గడిలో B15/$B$15 అని ఉంటుంది. ఒక సంఖ్యను దానితోనే భాగిస్తే ఎప్పుడూ 100 శాతమే, లోపల ఎన్ని తప్పులున్నా సరే. అది ధీమా ఇస్తుంది గానీ దేనికీ సాక్ష్యం కాదు. దాని బదులు శాతాల కాలమ్‌ను కూడా కింది నుంచి పైకి కూడండి: C7లో =SUBTOTAL(9,C2:C6), C13లో =SUBTOTAL(9,C8:C12), C15లో =SUBTOTAL(9,C2:C14). అప్పుడు జనరేటర్ వరుసలో శాతం మరిచిపోతే కింద 90.9 శాతం కనిపిస్తుంది. నింపగానే 100 అవుతుంది. పందిరి 44000, భోజనాలు 44000, మొత్తం 88000, చెరి 50 శాతం.

లక్షణం: అంకె ఉంది, లెక్కలో లేదు

ఫార్ములా సరిగ్గానే ఉంటుంది, వరుస హద్దు లోపలే ఉంటుంది, అయినా కూడిక మారదు. గడిలో సంఖ్య ఎడమ వైపుకు ఒరిగి ఉందేమో చూడండి. '8000 రూ.' అని రాస్తే షీట్‌కు అది అక్షరాలు, సంఖ్య కాదు. మన ప్రాంతంలో ఇంకో దారి కూడా ఉంది: ఫోన్‌లో ఒడియా కీబోర్డు తెరిచి ఉండగా ఒడియా అంకెలు పడిపోవచ్చు. అవి అక్షరాలుగా ఉండిపోతే కూడికలోకి రావు. చదివే మనిషికి అది ఎనిమిది వేలే కాబట్టి ఎంతసేపు చూసినా తప్పు దొరకదు. B గడిలో మామూలు అంకెలు మాత్రమే టైప్ చేసి, రూపాయి గుర్తు కావాలంటే నంబర్ ఫార్మాట్ ద్వారా పెట్టుకోవాలి.

పంచే ముందు చూడాల్సిన రెండు గడులు

B కాలమ్‌లో పైన చెప్పిన తప్పులు పట్టుకోవడానికి మొదటి వరుసలో, E1, F1 గడుల్లో ఈ రెండు రాయండి. రెండూ సున్నా చూపాలి.

```
E1: =ROUND(SUM(B2:B14)-2*B15,2)
F1: =COUNTA(B2:B14)-COUNT(B2:B14)
```

SUM ఖర్చులనూ ఉపమొత్తాలనూ కలిపి కూడుతుంది కాబట్టి అది అసలు మొత్తానికి రెండింతలు ఉండాలి. ఎవరైనా జనరేటర్‌ను బూడిద వరుసకు కింద, ఉపమొత్తానికి పైన చేర్చారనుకుందాం. ఆఖరి మొత్తం దాన్ని పట్టుకుని 88000 అంటుంది, ఉపమొత్తాలు కలిపితే మాత్రం 80000. SUM 168000 వస్తుంది, అందులోంచి 176000 తీసేస్తే -8000. గడి తప్పు ఉందని మాత్రమే కాదు, ఎంత డబ్బు విభాగం బయట ఉందో కూడా చెబుతుంది. ఉపమొత్తాల్లో ఒకచోట SUM దూరితే ఆ విభాగం మొత్తానికి రెండింతలు మైనస్‌లో కనిపిస్తుంది. అక్షరాలుగా పడిన అంకెను E1 పట్టలేదు, SUM, SUBTOTAL రెండూ దాన్ని వదిలేస్తాయి కాబట్టి. ఆ పని F1 చేస్తుంది: B లో నిండిన గడులెన్ని, వాటిలో నిజమైన సంఖ్యలెన్ని అని పోల్చి చూస్తుంది.

E1 ప్లస్‌లో సంఖ్య చూపిస్తే కారణం వేరు. SUBTOTAL ఫిల్టర్ దాచిన వరుసలను కూడదు. కోశాధికారి ఇంకా చెల్లించని ఖర్చులు మాత్రమే చూడాలని ఫిల్టర్ పెట్టి, తీయడం మరిచిపోతే మొత్తం తగ్గిపోతుంది, శాతాలు ఆ తగ్గిన మొత్తం మీద లెక్కయి 100 అనే చూపిస్తాయి. అప్పుడు E1 లో కనిపించేది దాగిన వరుసల విలువ. ఫిల్టర్ తీసేస్తే సున్నా అవుతుంది. చేత్తో దాచిన వరుసలను 9 లెక్కలోనే ఉంచుకుంటుంది, దాని బదులు 109 అని రాస్తే SUBTOTAL వాటినీ వదిలేస్తుంది. కాబట్టి బడ్జెట్‌లో 109 వాడవద్దు. ప్రింట్ తీసే ముందు ఫిల్టర్ తీసి, E1, F1 రెండూ సున్నా అయ్యాకే కాగితం కమిటీ ముందు పెట్టండి.