దుబాయ్ నుంచి ఇంటికి డబ్బు పంపే ముందు స్లిప్‌లో ఏం చూడాలి

మొన్న జీతాల వారంలో షార్జాలోని ఒక ఎక్స్‌ఛేంజ్ క్యూలో జగిత్యాల వైపు కుర్రాడు ఒకడు నా ముందు నిలబడ్డాడు. "ఇక్కడ ఫీజు లేదంట అన్నా" అన్నాడు సంతోషంగా. కౌంటర్‌లో ఇచ్చిన స్లిప్ మీద ఫీజు గడిలో సున్నా ఉంది నిజమే. దాని కింద గడిలో ఉన్న రేటును మాత్రం చూడలేదు. చాలామంది నష్టపోయేది అక్కడే.

కాగితాల పని పెద్దదేమీ కాదు. ఒరిజినల్ ఎమిరేట్స్ ఐడీ, ఇంట్లో వాళ్ల బ్యాంకు పాస్‌బుక్ ఫొటో ఉంటే చాలు. పేరు పాస్‌బుక్‌లో ఉన్నట్టే చెప్పండి. ఎందుకు పంపుతున్నారని అడిగితే కుటుంబ ఖర్చులకు, డబ్బు ఎక్కడిదని అడిగితే జీతం అని చెప్పండి. పాస్‌బుక్ పాతదైతే ఒక జాగ్రత్త: 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, కాబట్టి ANDB అని మొదలయ్యే పాత ఐఎఫ్ఎస్‌సీ ఇవ్వకండి. అకౌంట్ నంబర్ ఒక్కో అంకే చదివి సరిచూడండి. మన దేశంలో నెఫ్ట్ ద్వారా వచ్చే డబ్బు నంబర్ చూసే జమవుతుంది, పేరు చూసి కాదు.

ఇక అసలు విషయం. దిర్హమ్ విలువ డాలర్‌కు కట్టేసి ఉంటుంది, ఒక డాలర్ అంటే 3.6725 దిర్హమ్‌లు. అందువల్ల ఆ రోజు డాలర్ రేటును 3.6725తో భాగిస్తే దిర్హమ్ అసలు రేటు మీ ఫోన్‌లోనే తేలుతుంది. లెక్క కోసం డాలర్ 85 రూపాయలు అనుకుందాం. దిర్హమ్ సుమారు 23.14 అవుతుంది. ఆ రేటు మనకు ఎవరూ ఇవ్వరు. ఎంత తగ్గించి ఇస్తున్నారో అదే వాళ్ల లాభం, రశీదు మీద దానికి విడిగా గడి ఉండదు.

ఇప్పుడు రెండు చోట్లు పోల్చండి. మొదటి చోట ఫీజు లేదు, రేటు 22.80. రెండో చోట ఫీజు 20 దిర్హమ్‌లు, దాని మీద 5 శాతం వ్యాట్ కలిపి 21, రేటు 23.08. మీ జేబులోంచి పోయేది రెండు చోట్లా 4,000 దిర్హమ్‌లే అనుకోండి. మొదటి చోట ఇంటికి చేరేది 91,200 రూపాయలు. రెండో చోట 3,979 దిర్హమ్‌లే మారతాయి, అయినా చేరేది 91,835. ఫీజు కట్టినా 635 రూపాయలు ఎక్కువే.

అయితే ఫీజు ఉన్న చోటే ఎప్పుడూ మేలని అనుకోవద్దు. అదే 500 దిర్హమ్‌లు పంపితే మొదటి చోట 11,400, రెండో చోట 11,055. ఈ లెక్కలో ఎంత పంపినా ఫీజు అంతే ఉంటుంది, రేటులో కోత మాత్రం పంపే మొత్తంతో పాటు పెరుగుతుంది. ఈ రెండు చోట్ల మధ్య తేడా తిరగబడేది సుమారు 1,730 దిర్హమ్‌ల దగ్గర. నెలకు రెండుసార్లు కొంచెం కొంచెం పంపేవాళ్లు ఒకేసారి పంపితే ఒక ఫీజైనా మిగులుతుంది. ఇంట్లో అవసరం ఆగదనుకోండి, అది వేరే సంగతి.

సంతకం పెట్టే ముందు, లేదా యాప్‌లో ఓకే నొక్కే ముందు, ఇంటికి చేరే రూపాయలను మీరు కట్టే మొత్తం దిర్హమ్‌లతో భాగించండి. వచ్చిందే మీకు నిజంగా పడిన రేటు. పై లెక్కలో 4,000కు మొదటి చోట 22.80, రెండో చోట 22.96 వస్తుంది. బోర్డు మీద నోట్ల రేటు, పంపే రేటు వేరువేరుగా రాసి ఉంటాయి, మనకు కావలసింది రెండోది. కొన్ని యాప్‌లు మొదటిసారి పంపేవాళ్లకు మంచి రేటు చూపిస్తాయి. రెండోసారి మళ్లీ చూసుకోవాలి.

బ్యాంకు నుంచి బ్యాంకుకు స్విఫ్ట్‌లో విదేశీ డబ్బుగానే పంపితే ఈ లెక్క ముందే తేలదు. మధ్యలో ఉండే బ్యాంకు కొంత కోసుకోవచ్చు, రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇండియాలోని బ్యాంకు తన రేటు వేసి జీఎస్టీ కూడా తీసుకుంటుంది. కుటుంబ ఖర్చులకైతే రూపాయల్లో ఎంత చేరుతుందో ముందే రాసిచ్చే చోటే నయం.

క్యాంపులో ఎవరో బోర్డు కంటే మంచి రేటు ఇస్తానంటారు. స్లిప్ ఇవ్వరు. ఆ డబ్బు ముక్కూమొహం తెలియని వాళ్ల ఖాతా నుంచి మీ ఇంట్లో వాళ్ల ఖాతాకు వస్తుంది. అది మోసం డబ్బని పోలీసు కేసు పడితే ఫ్రీజ్ అయ్యేది మీ ఇంటి ఖాతానే. జీతం డబ్బని చూపించడానికి చేతిలో కాగితం ఉండదు.

డబ్బు పడ్డాక ఇంట్లో వాళ్లకు వచ్చిన ఎస్సెమ్మెస్‌ను ఫొటో తీసి పంపమనండి. అందులో ఉన్న రూపాయలు స్లిప్‌లో ఉన్న రూపాయలు ఒక్కటే కావాలి. తేడా ఉంటే స్లిప్ మీది రిఫరెన్స్ నంబర్‌తో అదే బ్రాంచికి వెళ్లి ఎందుకు తగ్గిందో రాతలో అడగండి.