విశాఖలో ఇంట్లోనే వరిగడ్డి మీద ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచడం ఎలా?

ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచడానికి విశాఖలో గాలి తేమ గురించి పెద్దగా దిగులు పడనక్కరలేదు. పక్కనే సముద్రం ఉంది. ఇక్కడ గడ్డి నింపి పెంచే సంచులు పాడయ్యేది చాలాసార్లు గడ్డిలో నీళ్ళు ఎక్కువై. నా మొదటి రెండు సంచులు అలాగే పోయాయి. అందుకే మిగిలిన పనులకంటే గడ్డి తేమ గురించే ఎక్కువ చెబుతాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. పుట్టగొడుగులు వచ్చే దశలో గది వేడి 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ నెలల్లో మన ఊళ్ళో ఏసీ లేకుండానే దాదాపు అంతే ఉంటుంది. పైగా ఖరీఫ్ కోతలు అయ్యేది అప్పుడే కాబట్టి కొత్త గడ్డి దొరుకుతుంది. నేను ఆనందపురం వైపు ఒక రైతు దగ్గర తెచ్చుకుంటాను. గడ్డి బంగారు రంగులో, గలగలలాడుతూ ఉండాలి. తుపాను వానకు తడిసి నల్లబడిన గడ్డి, ముక్క వాసన వేసే గడ్డి ఉచితంగా ఇచ్చినా వద్దు. వేసవిలోనూ పెంచాలనుకుంటే వేడిని కాస్త ఓర్చుకునే గులాబి రంగు రకం తీసుకోండి.

విత్తనం

జొన్న లేదా గోధుమ గింజల మీద పెంచిన శిలీంధ్రమే విత్తనం. దీనినే స్పాన్ అంటారు. ఎక్కడ దొరుకుతుందో దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. గింజలన్నిటి మీదా తెల్లని పొర సమంగా అల్లుకుని ఉండాలి. ఎక్కడైనా ఆకుపచ్చ, నలుపు మచ్చ కనిపించినా, పుల్లని వాసన వచ్చినా తీసుకోవద్దు. వెంటనే వాడకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం కాదు. కిలో ఎండు గడ్డికి 100 గ్రాముల విత్తనం సరిపోతుంది.

గడ్డి తడపడం, ఉడికించడం, ఆరబెట్టడం

కిలో గడ్డిని కత్తిపీటతో రెండేసి అంగుళాల ముక్కలుగా కోసి, గుడ్డ సంచిలో కట్టి, పైన బరువు పెట్టి మంచినీళ్ళలో ఏడెనిమిది గంటలు నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి, సంచిని పెద్ద గిన్నెలో వేడినీళ్ళలో గంటసేపు ముంచి ఉంచాలి. నీళ్ళు తెర్లి మరగకూడదు. అడుగున సన్నని బుడగలు లేస్తూ ఉండే స్థాయి, అంటే ఇంచుమించు 80 డిగ్రీలు చాలు. తెర్ల కాచితే గడ్డి మెత్తబడి, అవసరమైన దానికంటే ఎక్కువ నీటిని పట్టుకుంటుంది.

తరువాత సంచిని రెండు గంటలు వేలాడదీసి నీళ్ళు కారనివ్వండి. ఉతికిన దుప్పటి మీద గడ్డిని పలుచగా పరచండి. తలుపులు మూసిన శుభ్రమైన గదిలో, ఫ్యాను వేయకుండా ఆరబెట్టండి. ఫ్యాను గాలి గదిలోని దుమ్మును, దానితో పాటు బూజును తడి గడ్డి మీదకు తెస్తుంది.

ఎంత ఆరిందో చూడటానికి పిడికెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండండి. ఒక్క చుక్క కూడా రాలకూడదు, కానీ అరచేయి తడవాలి. చుక్కలు పడితే ఇంకా ఆరాలి. చేయి పొడిగానే ఉంటే కాచి చల్లార్చిన నీళ్ళు కొంచెం చిలకరించాలి. చేతి లెక్క మీద నమ్మకం కుదరకపోతే త్రాసు ఉంది. కిలో ఎండు గడ్డి ఈ దశలో 2.6 నుంచి 3 కిలోల మధ్య తూగితే అందులో తేమ 65 నుంచి 70 శాతం ఉన్నట్టు. పాడైన నా సంచుల్లో కిలో గడ్డి 3.6 కిలోలు తూగింది. ఆ రోజు వాన ముసురు. రెండు గంటలు ఆరబెడితే చాలునని ఎవరో చెప్పిన మాట పట్టుకుని గడియారం చూశాను గాని గడ్డిని పిండి చూడలేదు. నాలుగో రోజుకు సంచి అడుగున పసుపు నీళ్ళు చేరాయి, వారానికి పులిసిన వాసన వచ్చింది. నీళ్ళు నిండిన గడ్డిలో గాలికి చోటుండదు. శిలీంధ్రం ఊపిరాడక ఆగిపోతుంది, ఆ చోటును బ్యాక్టీరియా ఆక్రమిస్తుంది. ముసురు పట్టిన రోజున గడ్డి ఆరడానికి అయిదారు గంటలు పట్టినా ఆగండి.

సంచి నింపడం

చేతులు సబ్బుతో కడుక్కోండి. 12 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న పాలిథిన్ సంచిలో పూర్తిగా చల్లారిన గడ్డిని నాలుగంగుళాల మందాన వేసి అదమండి. దాని అంచు వెంబడి విత్తనం చల్లండి. ఇలా నాలుగైదు వరుసలు వేసి, పైన కొంచెం గడ్డి కప్పి, మూతి బిగించి కట్టండి. పెన్సిలంత రంధ్రాలు పది, పన్నెండు చేయండి. అడుగున కూడా రెండు ఉండాలి, మిగిలిన నీరేదైనా ఉంటే కారిపోతుంది.

చీకటి గదిలో

సంచిని వెలుతురు తక్కువగా ఉండే గదిలో వేలాడదీయండి. 25 నుంచి 30 డిగ్రీల వేడి బాగుంటుంది. ఈ రోజుల్లో నీళ్ళు చల్లే పని లేదు. పదిహేను నుంచి ఇరవై రోజుల్లో సంచంతా తెల్లగా అల్లుకుంటుంది. ఎక్కడైనా ఆకుపచ్చ మచ్చ పెరుగుతూ ఉంటే ఆ సంచిని విప్పకుండానే ఇంటి బయటకు తీసేయండి. విప్పితే ఆ ఆకుపచ్చ బూజు పొడి పక్క సంచులకు చేరుతుంది. సన్నని కాడ మీద నల్లగా కరిగిపోయే గొడుగులు మొలిస్తే అవి కలుపు జాతివి, తినకూడదు.

గాలి, వెలుతురు, నీళ్ళు

తెల్లబడ్డాక పాలిథిన్‌ను నాలుగైదు చోట్ల నిలువుగా చీరండి. ఇక్కడి నుంచి గదిలో పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు, మారుతూ ఉండే గాలి కావాలి. ఎండ నేరుగా పడకూడదు. గాలిలో తేమ 80 నుంచి 90 శాతం ఉండాలి. అందుకు రోజుకు రెండు మూడు సార్లు గోడల మీద, నేల మీద నీళ్ళు చల్లితే మన ఊళ్ళో చాలావరకు సరిపోతుంది. మొగ్గలు గుండుసూది తలల్లా కనిపించాక సంచి మీద సన్నని తుంపర మాత్రమే పడాలి. కిటికీకి దోమల వల కట్టండి, లేకపోతే సన్నని ఈగలు చేరతాయి.

గదిలో ఏం తక్కువైందో పుట్టగొడుగే చెబుతుంది. కాడ పొడవుగా సాగి గొడుగు చిన్నగా ఉంటే గాలి చాలడం లేదు. అంచులు ఎండి పగిలితే తేమ తగ్గింది. మొగ్గలు పసుపుబారి మెత్తబడితే నీళ్ళు ఎక్కువయ్యాయి.

ఎప్పుడు కోయాలి?

మొగ్గ కనిపించిన మూడు నాలుగు రోజులకే కోత వస్తుంది. ఆఖరి రోజున పెరుగుదల చాలా వేగంగా ఉంటుంది కాబట్టి ఉదయం, సాయంత్రం చూడాలి. గొడుగు విచ్చుకుని, అంచు ఇంకా కొద్దిగా లోపలికి వంగి ఉన్నప్పుడే కోయండి. అంచు పైకి తిరిగిందంటే ఆలస్యమైనట్టే. కాడ పీచుగా మారుతుంది, గొడుగు కింద నుంచి తెల్లని పొడి రాలుతుంది. అవి సిద్ధబీజాలు, మూసిన గదిలో పీలిస్తే కొందరికి దగ్గు, ఉబ్బసం రావచ్చు. కోతకు ముందు నీళ్ళు చల్లవద్దు, తడిగా కోసినవి త్వరగా జిగురు పడతాయి. కత్తి అక్కరలేదు. గుత్తి మొదలు పట్టుకుని మెలితిప్పితే ఊడివస్తుంది. మిగిలిన ముక్కలు కుళ్ళకుండా గీకేయండి.

గత డిసెంబరు 6న నేను కట్టిన సంచి బరువు 2.8 కిలోలు. 24వ తేదీకి పూర్తిగా తెల్లబడింది, 28న మొగ్గలు వేసింది, 31న మొదటి కోత 340 గ్రాములు ఇచ్చింది. జనవరి 11న రెండో కోత 210 గ్రాములు, ఆ తరువాత మూడోది 90 గ్రాములు వచ్చాయి. మొత్తం 640 గ్రాములు. నాలుగో కోత కోసం ఆగలేదు, అప్పటికే సంచి తేలికైపోయి గడ్డి గోధుమ రంగుకు తిరుగుతోంది. ఆ గడ్డిని మిద్దె మీది వంగ మొక్కల కుండీల్లో వేశాను.