చేప ఈత – 7వ పాఠం: అల తోక దాకా ఎందుకు చేరలేదు

పోయిన పాఠంలో, Blender లో చేప ఒంట్లో తల నుంచి తోక దాకా వరసగా వేసిన ఆరు బోన్లకూ 1, 13, 25 ఫ్రేముల్లో కీఫ్రేములు, అంటే ఆ ఫ్రేములో బోన్ ఎంత తిరిగిందో గుర్తుపెట్టే కీలు, పెట్టమని చెప్పి ఆపేశాను. మిగతాది ఈసారి చెప్పవచ్చులే అనుకున్నాను. అది నా పొరపాటే. మీరు పంపిన ఫైళ్లు తెరిచి చూస్తే చాలా చేపలు విసనకర్ర ఊపినట్టు ఊగుతున్నాయి. మొదటి బోన్ ఎప్పుడు ఆగితే తోక కూడా అప్పుడే ఆగుతోంది. అది చూసి కొందరు సొంత తెలివితో ఒక్కో బోన్‌ని దాని ముందు బోన్ కన్నా నాలుగేసి ఫ్రేములు ఆలస్యం చేశారు. ఆ చేపలు ఇంకా విచిత్రంగా ఉన్నాయి. ఒళ్లంతా మెలికలు తిరుగుతోంది కానీ తోకలో ఊపు లేదు. ఈ రెండో రకం తప్పు కోసమే ఈ పాఠం.

చేప ఆకారాన్ని, అంటే మెష్‌ని, బోన్లకు అతికించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం చూసుకోండి: ప్రతి బోన్ రొటేషన్ మోడ్ XYZ Euler లో ఉండాలి. క్వాటర్నియన్‌లో ఉంటే ఒక్క మలుపుకే నాలుగు కర్వులు వస్తాయి, వాటితో కుస్తీ పట్టలేం.

ముందు విసనకర్ర సంగతి. మన చేపకు ఒక ఊపు 24 ఫ్రేములు, అంటే ఒక సెకను. తల వెనక బోన్ నుంచి తోక దాకా మలుపులు వరసగా 3, 4, 6, 8, 10, 12 డిగ్రీలు. కీలన్నీ ఒకే ఫ్రేములో ఉంటే 7వ ఫ్రేములో అన్ని బోన్లూ సున్నా దగ్గరికి వస్తాయి. అక్కడ ఆపి పై నుంచి చూడండి, చేప స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఈదుతున్న చేప ఒళ్లు ఏ క్షణంలోనూ అలా పూర్తిగా తిన్నగా ఉండదు. చెన్నైలో మా వడపళని సందులో చేపలమ్మే అక్క టబ్బులో బతికున్న కొర్రమీనులు వేసి ఉంచుతుంది, ఇక్కడ వాటిని విరాల్ అంటారు. నేను ఆ టబ్బు మీదికి వంగి చాలాసేపు చూస్తుంటాను. "కొంటావా, చూసి పోతావా?" అని ఆవిడ విసుక్కుంటుంది. మీరూ వెళ్లి చూడండి. మధ్య ఒళ్లు తిన్నగా అయ్యేసరికి తోక ఇంకా పక్కకే ఉంటుంది.

కాబట్టి కీలు జరపాలి. జరిపే ముందే అన్ని కర్వులూ ఎంచుకుని, గ్రాఫ్ ఎడిటర్‌లో Shift+E నొక్కి Make Cyclic పెట్టండి. అది లేకపోతే జరిపిన బోన్లకు మొదటి కొన్ని ఫ్రేముల్లో కదలిక ఉండదు, లూప్ తిరిగి మొదలైన ప్రతిసారీ ఒక కుదుపు వస్తుంది. ప్లేబ్యాక్ 1 నుంచి 24 వరకే. 25వ ఫ్రేము 1వ దానికి నకలు, దాన్ని కూడా ఆడిస్తే చిన్న నత్తి వినిపించినట్టు ఉంటుంది.

జరపడానికి నా అడ్డదారి ఇది. మొదటి బోన్ తప్ప మిగతా ఐదింటి కీలు ఎంచుకుని G, 2, Enter. తరువాత రెండో బోన్‌ని ఎంపికలోంచి తీసేసి మళ్లీ G, 2, Enter. ఇలా చివరి దాకా. లెక్కలు వేసుకోనక్కర్లేదు, తోక బోన్ దానంతట అదే 10 ఫ్రేములు ఆలస్యమవుతుంది. కీలు కుడివైపుకే వెళ్లాలి. ఎడమవైపు జరిపితే అల తోక నుంచి తలకు పాకుతుంది, చేప వెనక్కి ఈదుతున్నట్టు కనిపిస్తుంది. మలుగుపాము లాంటివి నిజంగానే అల తిప్పేసి వెనక్కి ఈదగలవు, కానీ మన చేప అది కాదు.

ఇప్పుడు అసలు గొడవ. "రెండు ఫ్రేములకే ఇంత బాగుంటే నాలుగు పెడితే అల ఇంకా బాగా కనిపిస్తుంది కదా సార్?" అని ఒక తమ్ముడు రాశాడు. కనిపించదు. ఎందుకో ఒక్కసారి నిదానంగా చూద్దాం, ఇది ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

వెనక తగిలించిన పిల్ల బోన్ తన మలుపుతో పాటు తన ముందున్న బోన్లన్నిటి మలుపునూ మోస్తుంది. తోక చివర కనిపించే కోణం ఆరింటి మొత్తం. జరపకముందు ఆ మొత్తం 43 డిగ్రీలు. నాలుగేసి ఫ్రేములు జరిపితే మొదటి బోన్‌కీ నాలుగో బోన్‌కీ మధ్య తేడా 12 ఫ్రేములు, అంటే సరిగ్గా సగం ఊపు. మొదటిది ఎడమకు లాగుతుంటే నాలుగోది కుడికి లాగుతుంది. రెండుకూ ఐదుకూ అంతే, మూడుకూ ఆరుకూ అంతే. బోన్లు ఒకదాని కష్టాన్ని ఒకటి తినేస్తాయి. లెక్క వేస్తే తోక చివర మిగిలేది 11 డిగ్రీలు చిల్లర. అంతకన్నా ఘోరం ఏమిటంటే మూడో బోన్ దగ్గర 9, ఐదో బోన్ దగ్గర 11, తోక దగ్గరా 11. ఊపు తోక వైపు పెరగడమే లేదు. అందుకే అది చేపలా కాక వానపాములా ఉంది.

రెండేసి ఫ్రేములతో అదే లెక్క చూడండి. మూడో బోన్ దగ్గర 12, నాలుగు దగ్గర 18, ఐదు దగ్గర 24, తోకలో 30. ఊపు మెట్లెక్కినట్టు పెరుగుతోంది. మూడేసి జరిపితే తోకలో 19 మిగులుతుంది. అది తప్పు కాదు, కొంచెం సాగిన ఒళ్లున్న చేపకు పనికొస్తుంది.

చాలామంది ఇక్కడే ఇంకో తప్పు చేశారు. తోక చచ్చుబడిందని చివరి బోన్ మలుపును 12 నుంచి 40కి పెంచారు. ఊపు వచ్చింది కానీ తోక మొదట్లో విరిగినట్టు మడత పడింది. మలుపు ముట్టుకోకండి, ముందు ఆలస్యం తగ్గించండి. మామూలు చేపకు నేను పాటించేది ఒకటే: మొదటి బోన్‌కీ చివరి బోన్‌కీ మధ్య మొత్తం ఆలస్యం సగం ఊపు దాటకూడదు. మన చేపలో 10, సగం ఊపు 12, సరిపోయింది. మలుగుపాముకు దాటాలి, కానీ దానికి ఆరు బోన్లు చాలవు. ఊపు వేగం పెంచి 12 ఫ్రేములు చేస్తే ఆలస్యం కూడా సగమై ఒక్క ఫ్రేమే అవుతుంది. దీన్ని మరిచిపోయిన ఫైళ్లు మూడు వచ్చాయి.

సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే తోక చివరి బోన్ ఎంచుకుని Pose > Motion Paths > Calculate నొక్కండి. అందులో Heads కాకుండా Tails పెట్టాలి, లేకపోతే ఆ బోన్ మొదలు దగ్గరి దారి వస్తుంది కానీ తోక కొసది రాదు. జరపని చేపకు కొస ఒకే వంపు గీత మీద పోయి అదే గీత మీద తిరిగి వస్తుంది. జరిపిన చేపకు ఆ గీత తెరుచుకుని, పోయే దారీ వచ్చే దారీ వేరవుతాయి, చాలాసార్లు పడుకున్న 8లా ఉంటుంది. గీతలో ఎక్కడైనా చుక్కలు ఒకచోట కుప్పపడితే మధ్యలో ఎవరో అనవసరపు కీ పెట్టారని అర్థం. తీసేయండి.

కీలు అసలు వద్దనుకునేవాళ్లు బోన్ రొటేషన్ గడిలో నేరుగా ఇలా రాయవచ్చు. ఇది నాలుగో బోన్‌కి, ఆలస్యం 6, మలుపు 8:

```
#cos(2*pi*(frame-1-6)/24)*radians(8)
```

గుంపులో దూరంగా ఈదే చేపలకు నేను ఇదే వాడతాను. దగ్గరి షాట్‌కి వాడను. ప్రతి ఊపూ ఒకేలా ఉండటంతో బొమ్మకి తాళం చెవి తిప్పినట్టుంటుంది, కీలయితే ఒక్కో ఊపుని చేత్తో కొంచెం అటూ ఇటూ లాగుకోవచ్చు.

తల సంగతి: దాన్ని గోడకు మేకు కొట్టినట్టు ఉంచకండి. మొదటి బోన్‌కి ఎదురుగా ఒకటి రెండు డిగ్రీలు ఊగితే చాలు.

అభ్యాసం. ఎనిమిది బోన్ల చేప, 16 ఫ్రేముల ఊపు. ఆలస్యం ఎంతో మీరే తేల్చుకోండి. అది పది నిమిషాల పని. రెండోది కష్టం: అదే చేప బెదిరి పారిపోవాలి. మూడు ఫ్రేముల్లో ఒళ్లంతా ఒకే వైపు వంగి సి ఆకారం రావాలి, ఇక్కడ బోన్ల మధ్య ఆలస్యం దాదాపు ఉండదు. ఆ వెంటనే ఎదురు వైపు కొట్టే దెబ్బ మాత్రం తల దగ్గర మొదలై తోకకు పాకాలి, చేప ముందుకు దూకేది ఆ దెబ్బతోనే. Make Cyclic వాడకూడదు. నాకు మొదటిసారి రెండు రోజులు పట్టింది. పంపేటప్పుడు తోక కొస దారి కనిపించేలా పై నుంచి తీసిన బొమ్మ కూడా పెట్టండి, అది లేని ఫైలు నేను తెరవను.