స్క్రాబుల్: చేతిలో బ్లాంక్ ఉన్నా పెద్ద స్కోరు ఎందుకు రావట్లేదు?

సమస్య: రాక్‌లో X C D G N R, ఏ అక్షరంగానైనా వాడుకోగల బ్లాంక్ ఒకటి. బోర్డు కిక్కిరిసిపోయింది. ఎంత వెతికినా పదిహేను, ఇరవై దాటట్లేదు.

ముందు ఇది చూడండి: చాలామంది ఏడు టైల్స్‌ను అటూ ఇటూ జరుపుతూ బింగో కోసమే, అంటే ఏడూ ఒకేసారి వేసే మాట కోసమే, వెతుకుతారు. 50 పాయింట్ల బోనస్ మీద ఆశ. అచ్చు ఒక్కటీ లేని ఈ రాక్‌లో ఆ వెతుకులాట దండగ. పైగా ఏడక్షరాల మాటకు అసలు చోటేది? రాక్ వదిలేసి బోర్డు చూడండి. ఖాళీగా ఉన్న ట్రిపుల్ లెటర్ గడుల్లో దేని పక్కన అచ్చు ఉందో వెతకండి.

అసలు కారణం: బ్లాంక్ విలువ సున్నా. ట్రిపుల్ లెటర్ గడిలో పెట్టినా సున్నాయే. అందుకే బ్లాంక్‌ను మామూలు గడిలో పెట్టి, రంగు గడిని X లాంటి ఖరీదైన టైల్‌కి వదలాలి. ఆ టైల్ అడ్డంగానూ నిలువుగానూ మాటలో భాగమైతే రెండుసార్లూ మూడింతలు లెక్కకొస్తుంది. ఇదే ఎక్కువమంది కంట పడదు.

ఉదాహరణకు STAR ఇదివరకే బోర్డు మీద ఉంది. A కింది గడి ట్రిపుల్ లెటర్, దాని చుట్టుపక్కలా కిందా ఖాళీ. చిన్న అక్షరం బ్లాంక్:

```
S T A R
. o X .
```

అడ్డంగా OX: సున్నా, ఎనిమిది మూళ్లు 24, మొత్తం 24. నిలువుగా AX: 1 + 24 = 25. T కింద TO: 1. అన్నీ కలిపితే 50. వేసినవి రెండే టైల్స్!

కానీ ఆగండి. బ్లాంక్ ముట్టుకోకుండా X ఒక్కటే అక్కడ పెట్టినా AX కి 25 వస్తాయి. అంటే బ్లాంక్ తెచ్చిపెట్టింది మిగతా 25 మాత్రమే. ఆట చివర్లో ఉంటే వేసేయండి. సంచిలో టైల్స్ ఇంకా చాలా ఉంటే, బ్లాంక్‌ను అట్టిపెట్టుకోవడం గురించి ఆలోచించాల్సిందే. నేనైతే ఈ రాక్‌తో, వెనకబడి ఉంటే, 50 తీసుకుంటాను.

డబుల్ వర్డ్, ట్రిపుల్ వర్డ్ గడుల సంగతి వేరు. అక్కడ బ్లాంక్ పడినా మాట మొత్తం రెట్టింపో మూడింతలో అవుతుంది. ఒకే అక్షరం రెండుసార్లు వచ్చే మాటలో, అసలు టైల్‌ని డబుల్ లేదా ట్రిపుల్ లెటర్ గడిలో, బ్లాంక్‌ని రెండోచోట వేయండి.

అరుదైనవి: ఇదివరకే టైల్ పడిన రంగు గడిని మళ్లీ లెక్కేయడం, డిక్షనరీ తేడాలు. ఒకసారి సరిచూసుకుంటే చాలు.