చెప్పు జారిపోతోంది, వేళ్లు గడపకు తగులుతున్నాయి: ఫుట్ డ్రాప్‌కు మూలం మోకాలి దగ్గరా, నడుము దగ్గరా?

ఫుట్ డ్రాప్‌తో, అంటే పాదం ముందుభాగం పైకి లేవక వాలిపోయి, మా ఫిజియోథెరపీ గదికి వచ్చేవాళ్లు మొదట చెప్పేది కాలి గురించి కాదు, చెప్పు గురించి. "హవాయి చెప్పు కాల్లోంచి జారిపోతోంది సార్, రెండడుగులు వేశాక గానీ జారినట్టు తెలియట్లేదు" అంటారు. ఆ తర్వాత గడప తన్నుకున్న సంగతి, మెట్టు అంచుకు బొటనవేలు తగిలి పడబోయిన సంగతి బయటికొస్తాయి. పక్కనున్న ఇంట్లోవాళ్లకు మాత్రం నడక చప్పుడే గుర్తుంటుంది: ఒక కాలు మామూలుగా పడుతుంది, రెండోది టప్‌మని నేలను కొడుతుంది. వేళ్లు తగలకుండా ఉండాలని మోకాలిని గుర్రంలా పైకెత్తి నడుస్తుంటారు. నొప్పి ఉండకపోవచ్చు కూడా. అందుకే వారం పది రోజులు "అదే తగ్గుతుందిలే" అని ఊరుకుంటారు.

ముందు ఇది చూసుకోండి

కాలితో పాటు అదే వైపు చెయ్యి బలహీనపడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది మెదడు వ్యవహారం. నిమిషాలు లెక్కపెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ రోజే వెళ్లాలి. రెండు పాదాలూ ఒకేసారి వాలిపోయి బలహీనత పైకి పాకుతున్నా అంతే. మోకాలి దగ్గర కత్తి గాయమో, ఎముక విరగడమో అయ్యాక పాదం లేవకపోతే ఆగకూడదు. కొత్తగా కట్టు వేశాక ఇలా అయితే ఆ కట్టును వెంటనే వదులు చేయించుకోవాలి.

ఇవేమీ లేకపోతే కాస్త కూర్చుని, తేడా ఎక్కడుందో చూడొచ్చు.

కారణం: ఏ చోట నొక్కుకుంది?

పాదాన్ని పైకి లేపే కండరం మోకాలి కింద, ముందువైపు ఎముకను ఆనుకుని ఉంటుంది. దానికి కబురు తెచ్చే నరం మోకాలి బయటి పక్కగా వస్తుంది. అక్కడ వేలితో తడిమితే చిన్న గుండ్రటి ఎముక తగులుతుంది. దాని కిందే ఈ పెరోనియల్ నరం ఎముకను చుట్టుకుని ముందుకు తిరుగుతుంది. ఆ మలుపులో దానికి పైన చర్మం, కాస్త కొవ్వు తప్ప రక్షణ లేదు. చేతికి మోచేయి దగ్గర తగిలితే జివ్వుమనే చోటు ఎలాంటిదో, కాలికి ఇది అలాంటిది.

గంటల తరబడి గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకుని కూర్చోవడం, బిగుతు కట్టు, ఒకే పక్కకు తిరిగి మత్తుగా నిద్రపోవడం ఈ నరాన్ని నొక్కుతాయి. జబ్బు చేసో, డైటింగ్ చేసో బరువు ఒక్కసారి తగ్గినవాళ్లకు ఆ కాస్త కొవ్వు కూడా పోతుంది కాబట్టి మరీ తొందరగా దెబ్బ తగులుతుంది. షుగర్ ఉన్నవాళ్ల నరాలు ముందే నీరసపడి ఉంటాయి.

రెండో అనుమానం నడుము. అక్కడ డిస్క్ జరిగి, వెన్నులోంచి కాలికి వచ్చే ఎల్5 అనే నరం మూలాన్ని నొక్కినా పాదం ఇలాగే వాలిపోతుంది. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి, కానీ వైద్యం పూర్తిగా వేరు. తేడా పట్టించేది పాదాన్ని లోపలికి తిప్పే కదలిక. దాన్ని నడిపేది వేరే నరం. మోకాలి పక్కన నొక్కుకున్నా దానికేం కాదు. నడుములో ఎల్5 మూలం దెబ్బతింటే మాత్రం అదీ పోతుంది.

పరీక్ష ఇలా చేయండి. కుర్చీలో కూర్చుని కాలు వేలాడదీయండి. వేళ్లు నేలవైపు చూస్తున్నట్టు పాదాన్ని కిందికి వంచి, అలాగే ఉంచి, అరికాలు రెండో కాలిని చూసేలా లోపలికి తిప్పండి. పాదం కిందికి వంచకుండా చేస్తే వేరే కండరం జోక్యం చేసుకుని లెక్క తప్పుతుంది. పక్కవాళ్లు చేత్తో ఆపుతుంటే మంచి కాలిలో ఎంత బలం ఉందో, దీనిలో ఎంత ఉందో పోల్చాలి. తర్వాత చిటికెనవేలి అంచు పైకి లేచేలా బయటికి తిప్పండి. ఇక మంచం మీద పక్కకు పడుకుని, పైనున్న కాలిని నిటారుగా పైకెత్తండి.

పైకి లేపడం, బయటికి తిప్పడం పోయి, లోపలికి తిప్పడమూ పక్కకు ఎత్తడమూ గట్టిగా ఉంటే అనుమానం మోకాలి పక్కకే వెళ్తుంది. లోపలికి తిప్పే బలం కూడా తగ్గితే, కాలు పక్కకు ఎత్తలేకపోతే, నడుము నుంచి పిక్కకు లాగుతుంటే నడుము వైపు చూడాలి. మునివేళ్ల మీద నిలబడలేకపోతే పిరుదు దగ్గరి పెద్ద నరాన్ని కూడా అనుమానించాలి. పిరుదుకు తప్పు చోట వేసిన ఇంజెక్షన్ వల్ల కూడా అలా జరుగుతుంది. ఇది దారి చూపే పరీక్షే, తీర్పు కాదు. నరం సగమే దెబ్బతిన్నప్పుడు లెక్కలు కలగాపులగం అవుతాయి. కాబట్టి న్యూరాలజిస్టు చూడాల్సిందే.

మన దగ్గర మరిచిపోకూడని కారణం ఇంకొకటి ఉంది: కుష్టు. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉండి, మోకాలి పక్క నరం తాడులా లావుగా తగిలితే సిగ్గుపడకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. మందులు ఉచితం. నరం పనితీరు పడిపోయిన ఆరు నెలల్లోపు స్టెరాయిడ్లు మొదలుపెడితే కోలుకునే అవకాశం ఉంటుంది.

ఒక కేసు

34 ఏళ్ల టైల్స్ మేస్త్రీ. కామెర్లు వచ్చి తగ్గాయి, ఆ నెలన్నరలో 9 కిలోలు తగ్గాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని ఒక ఇంట్లో పొద్దున్నుంచి రాత్రిదాకా గొంతుక్కూర్చుని హాలు పూర్తి చేశాడు. మర్నాడు బండి తీస్తే ఎడమ పాదంతో గేరు ఎత్తలేకపోయాడు. అతని బండికి రెండో గేరు నుంచి వేళ్లతో కిందనుంచి పైకి లేపాలి. తొక్కడానికి పాదం బాగానే వస్తోంది, లేపడానికే రావట్లేదు. ఫుట్ డ్రాప్‌ను ఇంతకంటే బాగా చెప్పిన పరీక్ష నేను చూడలేదు.

"పక్షవాతమేమో అని మా అమ్మ ఏడుస్తోంది సార్" అన్నాడు. అప్పటికే ఎవరో నడుముకు ఎంఆర్‌ఐ తీయించారు. అందులో డిస్క్ కాస్త ఉబ్బినట్టు వచ్చింది, ఆపరేషన్ మాట కూడా ఎత్తారు. నడుము నొప్పి లేనివాళ్లకు తీసినా ఇలాంటి ఉబ్బులు చాలామందిలో కనిపిస్తాయి. అతని పాదం లోపలికి రెండో దానంత గట్టిగా తిరిగింది. పక్కకు పడుకుని కాలు సులువుగా ఎత్తాడు. మోకాలి పక్క ఎముక కింద వేలితో తడితే పాదం పైభాగానికి జివ్వుమంది. మొద్దుబారిందీ అక్కడే.

నరాల పరీక్ష మూడు వారాలకు చేయించాం. మొదటి వారంలోనే చేస్తే తెగిన నరం కూడా కింది భాగంలో మామూలుగానే పనిచేస్తున్నట్టు కనిపించి మోసం చేయొచ్చు. అతనికి మోకాలి పక్క మలుపు దగ్గర కబురు ఆగిపోతోంది, దాని కింద తీగ బాగానే ఉంది. అంటే నరం లోపలి తీగ తెగలేదు, పైపొర మాత్రమే నలిగింది. ఇది సాధారణంగా వారాల నుంచి మూడు నెలల్లో కోలుకునే రకం. లోపలి తీగే పోయి ఉంటే అది మళ్లీ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి, అందుకు నెలలు పడుతుంది.

పరిష్కారం

మొదటి మందు నొక్కుడు ఆపడం. గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వద్దు, మోకాలి కింద బిగుతు సాక్సు, మోకాలికి బిగుతు క్యాప్ వద్దు. పడుకున్నప్పుడు మోకాలి బయటి పక్క మంచం అంచుకో గోడకో ఆనకుండా దిండు పెట్టుకోవాలి. ఇది చేయకుండా మిగతావన్నీ చేసినా లాభం లేదు.

తర్వాత బెల్టు. మెడికల్ షాపులో దొరికే సాగే యాంకిల్ బైండర్ పాదాన్ని లేపలేదు, డబ్బు దండగ. కావలసింది ఏఎఫ్‌ఓ: పిక్క వెనుక నుంచి అరికాలి కిందికి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పట్టీ. మడమ దగ్గర కాస్త వంగుతూ, అడుగు తీసేటప్పుడు పాదాన్ని పట్టి ఉంచుతుంది. తీసుకునేటప్పుడు పై అంచు ఎక్కడికొస్తోందో చూడండి. మోకాలి పక్క గుండ్రటి ఎముకకు కనీసం రెండు వేళ్ల కిందే ఆగాలి. అక్కడ నొక్కితే అసలు జబ్బునే పెంచుతుంది. మడమ వెనక్కి పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకపోతే పిక్క బిగుసుకుందని అర్థం.

దీనికి హవాయి చెప్పు పనికిరాదు. వెడల్పుగా తెరుచుకునే, వెల్క్రో ఉన్న బూటు, ఒక సైజు పెద్దది, లోపలి అట్ట తీసేసి వేసుకోవాలి. లోపల పొడవాటి నూలు సాక్సు. ఉత్త ఏఎఫ్‌ఓతో టైల్స్ మీద నడిస్తే జారి పడతారు. మొదటి రోజు గంట వేసుకుని విప్పి చూడండి. ఎర్రబడిన చోటు 20 నిమిషాల్లో మామూలైతే ఫర్వాలేదు, కాకపోతే చేసినవాళ్లతో అక్కడ సరిచేయించాలి. స్పర్శ లేనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. పుండు పడినా వాళ్లకు నొప్పి తెలియదు.

వ్యాయామాలు కండరం ఉన్న స్థితిని బట్టి మారతాయి. అసలు కదలిక లేనప్పుడు చేయాల్సింది ఒక్కటే: పిక్క బిగుసుకోకుండా చూడటం. కాలు చాపుకుని కూర్చుని, పాదం ముందుభాగానికి తువ్వాలు వేసి, మోకాలు వంచకుండా మీ వైపు లాగి 30 సెకన్లు ఆపాలి. నాలుగైదు సార్లు, రోజుకు మూడు పూటలా. ఇది మానేస్తే నరం కోలుకున్నా పాదం పైకి రాదు.

కొంచెం కదలిక మొదలయ్యాక పక్కకు పడుకుని, పాదం బరువు మంచం మీదే ఉంచి, ముందుకూ వెనక్కీ జరపాలి. అప్పుడు బరువు ఎత్తే పని ఉండదు కాబట్టి బలహీన కండరం కూడా జరపగలుగుతుంది. కూర్చుని మడమ నేల మీదే ఉంచి పాదం లేపగలిగాకే సాగే రబ్బరు పట్టీ పట్టుకోవాలి. పది సార్లు చేసి ఆగండి. పదోసారి మొదటిసారి కంటే తక్కువ ఎత్తు లేస్తోందంటే కండరం అలసిపోయింది, ఇంకా లాగితే బలం రాదు. కరెంటు పెట్టే చికిత్స గురించి అందరూ అడుగుతారు. పక్షవాతం వల్ల వచ్చిన ఫుట్ డ్రాప్‌లో దాని ఉపయోగం తెలిసిందే. నరమే దెబ్బతిన్న చోట మాత్రం నేను దాని మీద డబ్బు పెట్టమని చెప్పను.

తగ్గకపోతే

మూడు నాలుగు నెలలైనా ఏమాత్రం కదలిక లేకపోతే మళ్లీ నరాల పరీక్ష, మోకాలి పక్కన అల్ట్రాసౌండ్ చేయించాలి. అక్కడ నీటితిత్తి ఉండి నొక్కుతుండొచ్చు. తీసేస్తే నరానికి ఊపిరి అందుతుంది. నరం ఇక రాదని తేలితే, లోపలికి తిప్పే కండరపు స్నాయువును పాదం పైకి మళ్లించే ఆపరేషన్ ఉంది. కుష్టు రోగులకు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. దానికి ముందు పిక్క సాగుతూ ఉండాలి, అందుకే ఆ తువ్వాలు మానొద్దనేది.

మన మేస్త్రీకి ఐదో వారానికి పాదం నేల మీంచి లేచింది. పదో వారానికి ఏఎఫ్‌ఓ లేకుండా నడిచాడు, రబ్బరు పట్టీ ఇంకో రెండు నెలలు చేశాడు. ఇప్పుడు చక్రాలున్న చిన్న పీట చేయించుకుని దానిమీద కూర్చుని టైల్స్ వేస్తున్నాడు, ఫోన్‌లో అరగంటకోసారి అలారం మోగితే లేచి నాలుగడుగులు వేస్తాడు. గేరు మళ్లీ ఎడమ వేళ్లతోనే లేపుతున్నాడు.