మార్చి ముగింపుకు ముందు కన్సైన్‌మెంట్, డ్రాప్ షిప్పింగ్ లెక్కల్లో జాగ్రత్తలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మిల్లులకూ డీలర్లకూ సరుకు ఎక్కువగా విశాఖ నుంచే వస్తుంది. కొంత సరుకు మన గోడౌన్‌లోనే ఉన్నా మనది కాదు, సరఫరాదారుది. ఇది కన్సైన్‌మెంట్. ఇంకొంత మన పేరు మీద కొన్నదే అయినా మన గుమ్మం తొక్కదు, నేరుగా కొనుగోలుదారు దగ్గరికి పోతుంది. ఇది డ్రాప్ షిప్పింగ్. ఏడాది పొడవునా ఎవరూ పట్టించుకోని ఈ తేడా మార్చి 31న స్టాక్ లెక్క పెట్టేటప్పుడు బయటపడుతుంది. ఎస్ఏపీ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. వేరే ఈఆర్‌పీలో బటన్లు మారతాయి కానీ లెక్క మారదు.

మామూలు కొనుగోలు ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు. ఒక్కోటి 800 రూపాయల బేరింగులు 100 వచ్చాయి, సరుకు అందినట్టు మూవ్‌మెంట్ టైప్ 101 పోస్ట్ చేశాం. వెంటనే స్టాక్ ఖాతా 80,000 డెబిట్, జీఆర్/ఐఆర్ ఖాతా 80,000 క్రెడిట్. బిల్లు వచ్చాక `MIRO`లో జీఆర్/ఐఆర్ తీరిపోయి సరఫరాదారు ఖాతాలో బాకీ పడుతుంది. అంటే సరుకు దిగిన రోజే మన సొంతం.

అవే 100 బేరింగులు కన్సైన్‌మెంట్ మీద వచ్చాయనుకుందాం. కొనుగోలు ఆర్డర్‌లో ఐటమ్ కేటగిరీ K. అదే 101 పోస్ట్ చేస్తారు, పరిమాణం కనిపిస్తుంది, కానీ అకౌంటింగ్ డాక్యుమెంట్ పుట్టదు. కొత్తగా చేరినవాళ్లు "ఎంట్రీ పడలేదేంటి సార్" అని టెన్షన్ పడేది ఇక్కడే. అది లోపం కాదు, ఆ సరుకు ఇంకా సరఫరాదారుదే. మిల్లు 30 బేరింగులు వాడి 261 K పోస్ట్ చేసిన రోజు ఖర్చు 24,000 డెబిట్, కన్సైన్‌మెంట్ బాకీల ఖాతా 24,000 క్రెడిట్ అవుతాయి. తర్వాత `MRKO` నడిపితే ఆ 24,000 సరఫరాదారు ఖాతాలోకి వెళ్తుంది. ధర ఆర్డర్ నుంచి రాదు, కన్సైన్‌మెంట్ ఇన్ఫో రికార్డు నుంచి వస్తుంది. కాబట్టి కొత్త ధర అమల్లోకి వచ్చిందని కాగితం రాగానే ఇన్ఫో రికార్డు మార్చాలి. వాడకం పోస్ట్ అయ్యాక మారిస్తే ఆ పోస్టింగులు పాత ధరతోనే ఉండిపోతాయి.

ఎక్కువగా జరిగే పొరపాటు బిల్లు దగ్గర. సరఫరాదారు 24,000కు బిల్లు పంపుతాడు. అకౌంట్స్ కుర్రాడు దాన్ని `MIRO`లో పెట్టబోతే K ఐటమ్‌కు అక్కడ దారి ఉండదు. పని ఆగకూడదని `FB60`లో నేరుగా ఖర్చు కింద వేస్తాడు. నెలాఖరున ఇంకొకరు `MRKO` నడుపుతారు. అదే 24,000 సరఫరాదారు ఖాతాలో రెండోసారి బాకీగా పడుతుంది, ఖర్చు కూడా రెట్టింపవుతుంది. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ఒకే సరఫరాదారు లెడ్జర్‌లో సమాన మొత్తాలు రెండు వేర్వేరు డాక్యుమెంట్ రకాలతో ఉన్నాయేమో చూడండి. కన్సైన్‌మెంట్ సరఫరాదారుల మీద `FB60` ఎంట్రీలు ఏమైనా ఉంటే మార్చి 25 లోపు ఒక్కొక్కటీ తెరిచి చూడటం మంచిది.

అలాగని `MRKO` కాగితాన్నే పన్ను ఇన్వాయిస్ అనుకోకూడదు. ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌కు సరఫరాదారు ఇన్వాయిస్ కావాలి, అది మన GSTR-2Bలో కనిపించాలి. కాబట్టి నెలనెలా వాడిన పరిమాణం పట్టికను అతనికి పంపి, అదే సంఖ్యకు ఇన్వాయిస్ తెప్పించుకుని, `MRKO` మొత్తంతో సరిపోల్చండి.

మిగిలిన 70 బేరింగుల సంగతి చూద్దాం. స్టాక్ లెక్కింపు రోజున కౌంట్ షీట్లు రెండు ఉండాలి, ఒకటి మనది, రెండోది సరఫరాదారు పేరుతో. `MI01`లో ప్రత్యేక స్టాక్ K, సరఫరాదారు నంబరు ఇచ్చి రెండో షీటు విడిగా తీయండి. అంతకుముందు `MB54`లో ఎవరి సరుకు ఎంత ఉందో చూసుకోండి. అరల మీద కూడా వేరే రంగు చీటీ అంటించాలి, ఎందుకంటే మన సొంత బేరింగూ అతని బేరింగూ పక్కపక్కన పెడితే చూపుకు ఒక్కటే. ఈ 70 పొరపాటున మన షీటులోకి వస్తే 56,000 లేని ఆస్తి కనిపిస్తుంది, అతని షీటులో అంతే లోటు తేలుతుంది.

సరుకు వచ్చిన తేదీ కూడా చూడండి. ఆమోదం మీద, అమ్మితే ఉంచుకో లేదంటే తిప్పి పంపు అనే పద్ధతిలో వచ్చిన సరుకుకు సీజీఎస్టీ చట్టం సెక్షన్ 31(7) ప్రకారం, పంపిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు ఇన్వాయిస్ రావాలి. మన బేరింగులు అక్టోబరు 10న బయలుదేరి ఉంటే గడువు ఏప్రిల్ 10. అప్పటికి వాడనివి తిప్పి పంపాలి, లేదా కొనాలి. కొంటే 411 K పోస్ట్ చేయండి. అప్పుడు స్టాక్ 56,000 డెబిట్ అయి, వాడకపోయినా బాకీ పుడుతుంది.

ఇక డ్రాప్ షిప్పింగ్. దీంట్లో సరిహద్దు వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. రాయగడ డీలర్‌కు పార్వతీపురం దుకాణం నుంచి 10 మోటార్ల ఆర్డర్ వచ్చింది. సేల్స్ ఆర్డర్‌లో ఐటమ్ కేటగిరీ TAS వేస్తే కొనుగోలు రిక్విజిషన్ దానంతట అదే పుడుతుంది, కొనుగోలు ఆర్డర్‌లో ఐటమ్ కేటగిరీ S. విశాఖ సరఫరాదారు ఒక్కో మోటారు 18,000కు మనకు బిల్లు చేసి సరుకు నేరుగా పార్వతీపురం పంపుతాడు. మనం 20,500కు అమ్ముతాం. మన స్టాక్‌లో ఒక్క మోటారు కూడా కనిపించదు. `MIRO` చేయగానే 1,80,000 నేరుగా అమ్మకపు ఖర్చులోకి పోతుంది. మామూలు అమరికలో మన బిల్లింగ్‌కు తలుపు తెరుచుకునేది కూడా ఈ `MIRO`తోనే. లారీ చేరిందా లేదా అన్నది సిస్టమ్ అడగదు.

లారీ మార్చి 29న బయలుదేరి ఏప్రిల్ 2న దిగిందనుకోండి. సరుకు చేరాకే హక్కు మారుతుందని కొనుగోలుదారుతో ఒప్పందం ఉంటే, 2,05,000 అమ్మకం ఈ ఏడాదిది కాదు. `MIRO` చేసి బిల్లింగ్ చేయకపోతే ఖర్చు ఒక్కటే మార్చిలో మిగులుతుంది. రెండూ చేస్తే రాని లాభం 25,000 కనిపిస్తుంది. పన్ను ఇన్వాయిస్‌ను ముట్టుకోనక్కర్లేదు. మార్చి 31న, సరుకు దారిలో ఉండగా హక్కు మనదే అయితే, దారిలో ఉన్న సరుకు ఖాతాను 1,80,000 డెబిట్ చేసి అమ్మకపు ఖర్చు తగ్గించండి. బిల్లు అయి ఉంటే అమ్మకాన్ని కూడా వాయిదా ఖాతాకు మార్చి, లారీ దిగాక రెండూ తిప్పేయండి. దీనికి ఆధారం కొనుగోలుదారు సంతకం పెట్టిన లారీ రశీదు. అది వాట్సాప్ ఫొటోగానైనా ఆర్డర్ నంబరుతో దాచుకోవాలి.

పన్ను కోడ్ విషయం. సరుకు విశాఖ నుంచి పార్వతీపురం, ఆంధ్ర దాటలేదు కదా అని సరఫరాదారు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయవచ్చు. ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 10(1)(b) ప్రకారం మనం చెప్పినందుకే సరుకు మూడో మనిషికి వెళ్లింది కాబట్టి, సరఫరా స్థలం మన ప్రధాన వ్యాపార స్థలమైన ఒడిశా. కాబట్టి అతని బిల్లు ఐజీఎస్టీ. మన బిల్లు కూడా ఐజీఎస్టీయే, ఎందుకంటే మన రిజిస్ట్రేషన్ ఒడిశాది, సరుకు ఆగేది ఆంధ్రలో. డెలివరీ చిరునామా చూసి పన్ను కోడ్ ఎంచుకునేలా సిస్టమ్ అమర్చి ఉంటే ఇక్కడే దెబ్బ తింటుంది. ఆంధ్ర ఎస్‌జీఎస్టీతో వచ్చిన బిల్లుపై ఒడిశా రిజిస్ట్రేషన్‌లో క్రెడిట్ దొరకదు. S కేటగిరీ ఆర్డర్లన్నిటినీ తీసి, సరఫరాదారు జీఎస్‌టీఐఎన్ 37తోనూ మనది 21తోనూ మొదలవుతుంటే కోడ్ ఐజీఎస్టీయేనా అని చూడండి. కాకపోతే బిల్లు `MIRO`లో ఎక్కించక ముందే వెనక్కి పంపి సరిచేయించండి.